కార్డు మే 19న అయిపోయింది, పిటిషన్ మే 21న చేరింది: ఓపీటీ నుంచి హెచ్-1బీకి మారిన ఒక కేసు

2025 మే 18, ఆదివారం సాయంత్రం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. గుంటూరు పిల్ల. డాలస్ దగ్గర ఒక చిన్న కంపెనీలో ఆసుపత్రుల బిల్లింగ్ డేటా చూసే ఉద్యోగం. తెలిసినవాళ్ల ద్వారా నా నంబరు దొరికిందట.

"అక్కా, చిన్న డౌటు. పని చేయడానికి ఇచ్చిన నా ఈఏడీ కార్డు రేపటితో అయిపోతుంది. లాటరీలో వచ్చింది కదా, క్యాప్-గ్యాప్ ఉంటుంది, మంగళవారం కూడా ఆఫీసుకు రావచ్చు అన్నారు మా హెచ్ఆర్ వాళ్లు. నిజమేనా?"

నేను అడిగింది ఒక్కటే. "పిటిషన్ రసీదు వచ్చిందా అమ్మా?"

"ఏ రసీదక్కా?"

ఆ ఒక్క మాటతో నాకు విషయం అర్థమైంది. టెక్సస్‌లో ఇమిగ్రేషన్ లా ప్రాక్టీసు చేస్తున్నాను. ఏటా ఏప్రిల్, మే నెలల్లో ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఈ కేసు వివరంగా రాయడానికి కారణం, అమెరికా దాటకుండా స్టూడెంట్ స్టేటస్ నుంచి వర్క్ స్టేటస్‌కి మారే దారిలో తేదీలు ఎక్కడెక్కడ కొడతాయో అన్నీ ఈ ఒక్క ఫైల్లోనే కనిపించడం. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను, తేదీలు మాత్రం మార్చలేదు.

ముందు ఆమె నేపథ్యం. 2022లో ఎఫ్-1 వీసా మీద వచ్చి, 2024 మేలో హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్ పూర్తి చేసింది. ఆ కోర్సు సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం చదువుల స్టెమ్ జాబితాలో లేదు. కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లకు, చదువయ్యాక పని చేయడానికి ఇచ్చే 12 నెలల ఓపీటీ అయ్యాక ఇంకో 24 నెలల పొడిగింపు దొరుకుతుంది. ఈమెకు ఆ అవకాశం లేదు. 2024 మే 20న మొదలైన ఓపీటీ 2025 మే 19తో సరి. అంటే హెచ్-1బీ లాటరీకి ఆమెకు దక్కింది ఒకే ఒక్క ప్రయత్నం. అది తగిలింది. 2025 మార్చి 7 నుంచి 24 వరకు రిజిస్ట్రేషన్లు జరిగాయి. నెలాఖరుకు కంపెనీ ఖాతాలో ఆమె పేరు పక్కన 'సెలెక్టెడ్' అని వచ్చింది. ఇంట్లో స్వీట్లు పంచారు. కంపెనీ కూడా అభినందనలు చెప్పింది. ఆ తర్వాత ఆరు వారాలు ఎవరూ తొందరపడలేదు.

ఎందుకు తొందరపడలేదంటే, సెలెక్షన్ నోటీసు మీద పిటిషన్ వేయడానికి ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 వరకు గడువు అని ఉంటుంది. కంపెనీ తరఫు లాయర్ ఆఫీసు ఆ జూన్ 30నే చూసుకుంది. ఆ తేదీ కంపెనీకి గడువు. అమ్మాయికి గడువు మే 19. ఈ రెండూ వేరని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

లాటరీలో పేరు రావడమంటే పిటిషన్ వేసుకోవడానికి అనుమతి దొరకడమే. స్టేటస్ పరంగా దాంతో ఏమీ మారదు. ఓపీటీకీ హెచ్-1బీకీ మధ్య ఖాళీని పూడ్చే క్యాప్-గ్యాప్ మొదలయ్యేది కంపెనీ వేసిన పిటిషన్ ఇమిగ్రేషన్ విభాగం యూఎస్‌సీఐఎస్‌కి చేరి, దానికి రసీదు తేదీ పడినప్పుడు. ఆ పిటిషన్‌లో 'ఛేంజ్ ఆఫ్ స్టేటస్' అడిగి ఉండాలి. కాన్సులేట్‌లో స్టాంపింగ్ చేయించుకుని వస్తానని అడిగితే క్యాప్-గ్యాప్ రాదు. ఇక రసీదు తేదీ ఎప్పుడు పడిందన్న దాన్నిబట్టి రెండు రకాల ఫలితాలుంటాయి. ఓపీటీ కార్డు నడుస్తుండగా పడితే దేశంలో ఉండే హక్కు, పని చేసే హక్కు రెండూ పొడిగింపు అవుతాయి. కార్డు అయిపోయాక వచ్చే 60 రోజుల గ్రేస్ పీరియడ్‌లో పడితే ఉండే హక్కు మాత్రమే పొడిగింపు అవుతుంది, పని చేసే హక్కు తిరిగి రాదు. చాలామందికి ఈ రెండో సంగతి తెలియదు. "గ్రేస్‌లో వేసినా క్యాప్-గ్యాప్ వస్తుంది" అని వాట్సాప్ గ్రూపుల్లో చెప్పుకుంటారు. వస్తుంది నిజమే, ఇంట్లో కూర్చోవడానికి.

ఈ పొడిగింపు ఎంతకాలం అన్నది కూడా ఈమధ్యే మారింది. ఇదివరకు అక్టోబరు 1తో ఆగిపోయేది. 2025 జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం మరుసటి ఏప్రిల్ 1 వరకు లేదా హెచ్-1బీ మొదలయ్యే రోజు వరకు, ఏది ముందైతే అది. పిటిషన్ మీద నిర్ణయం ఆలస్యమై అక్టోబరులో ఉద్యోగాలు ఆగిపోయే ఇబ్బంది దీంతో చాలావరకు తీరింది. కానీ కార్డు అయిపోయే లోపు వేయకపోవడం అనే ఇబ్బందికి ఇందులో మందు లేదు.

ఆ ఆదివారం రాత్రి ఆమె అనుమతితో కంపెనీ లాయర్‌కి మెయిల్ పెట్టాను, పొద్దున్నే ఫోన్ చేశాను. అప్పుడు తెలిసింది అసలు ఆలస్యం ఎక్కడ జరిగిందో. హెచ్-1బీ పిటిషన్‌కి ముందు కార్మిక శాఖ నుంచి ఎల్‌సీఏ ఆమోదం తెచ్చుకోవాలి. ఆ ప్రాంతంలో ఆ ఉద్యోగానికి నడుస్తున్న వేతనం కంటే తక్కువ ఇవ్వబోమని కంపెనీ రాసిచ్చే పత్రం అది. దానికి ఏడు పని దినాలు పడుతుంది, ముందుగా ఇవ్వరు. ఈ కంపెనీ గతంలో ఎప్పుడూ హెచ్-1బీ వేయలేదు. అలాంటి కంపెనీల పన్ను గుర్తింపు సంఖ్య కార్మిక శాఖ దగ్గర సరిపోలకపోతే ఎల్‌సీఏ వెనక్కి వచ్చేస్తుంది. ఏప్రిల్‌లో వేసిన మొదటి ఎల్‌సీఏ అలాగే వెనక్కి వచ్చింది. దానికి కావలసిన పన్నుల శాఖ ఐఆర్ఎస్ పత్రం వెతికి పంపి, సరిచేయించుకుని మళ్లీ వేసేసరికి మే 8 అయింది. అక్కడి నుంచి ఏడో పని దినం మే 19, సోమవారం. కార్డు చివరి రోజు కూడా అదే.

మొదటిసారి స్పాన్సర్ చేసే కంపెనీ అయితే ఈ సంఖ్య తనిఖీ లాటరీకి ముందే చేయించుకోవచ్చు. పైసా ఖర్చు లేని పని. మార్చిలోనే చేసుంటే ఏప్రిల్ రెండో వారానికల్లా ఎల్‌సీఏ చేతిలో ఉండేది, ఈ కథంతా ఉండేది కాదు.

సోమవారం మధ్యాహ్నం ఎల్‌సీఏ వచ్చింది. ఆన్‌లైన్‌లో ఈరోజే వేసేయండి అని బతిమాలాను. 2024 నుంచి క్యాప్ పిటిషన్లు ఆన్‌లైన్‌లో తీసుకుంటున్నారు కాబట్టి అది సాధ్యమే. కానీ వాళ్లు కాగితం ఫైలుగా తయారుచేసి పెట్టుకున్నారు. పైగా సంతకం చేయాల్సిన కంపెనీ అధికారి ఆ పూట విమానంలో ఉన్నారు. ఆయన దిగేసరికి రాత్రయింది. మంగళవారం కొరియర్ బయల్దేరింది. బుధవారం, మే 21న చేరింది. రసీదు మీద అదే తేదీ పడింది. రెండు రోజుల తేడా.

పోస్టు చేసిన తేదీ చూస్తారా అని చాలామంది అడుగుతారు. చూడరు. యూఎస్‌సీఐఎస్ చేతికి చేరిన తేదీయే లెక్క. ఇంకో మాట, చేరాక ఫీజు తప్పనో సంతకం లేదనో ఫైలు తిప్పి పంపేస్తే ఆ తేదీ కూడా పోతుంది, మళ్లీ పంపినప్పుడు కొత్త తేదీ పడుతుంది. అందుకే నా దగ్గరున్న ఫైళ్లలో కార్డు గడువుకు కనీసం మూడు వారాల ముందు పిటిషన్ చేరేలా చూస్తాను. తిరిగొచ్చినా ఇంకోసారి పంపుకోవడానికి వ్యవధి ఉండాలి.

మంగళవారం పొద్దున ఆమెను ఆఫీసుకు వెళ్లొద్దన్నాను. లాప్‌టాప్ తెరవొద్దు, మెయిల్‌కి జవాబు కూడా ఇవ్వొద్దన్నాను. హెచ్ఆర్ వాళ్లకు కోపం వచ్చింది. క్లయింట్ రిపోర్టు ఒకటి సగంలో ఉందట. "జీతం తీసుకోకుండా ఫ్రీగా చేస్తే తప్పేంటి అక్కా?" అని అడిగింది. తప్పే. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఉచితంగా చేసినా అది ఉద్యోగమే అంటుంది చట్టం. హైదరాబాద్‌లో ఉన్న వేరే కంపెనీకి ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో పని చేసి, జీతం ఇండియా ఖాతాలో వేయించుకుంటే? దానికీ వద్దనే చెప్పాను. మనిషి కూర్చుని పని చేస్తున్న చోటు అమెరికా.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. హెచ్-1బీ కోసం కంపెనీ వేసే ఐ-129 పిటిషన్‌లో నిజానికి రెండు ప్రశ్నలు కలిసి ఉంటాయి. ఈ ఉద్యోగం హెచ్-1బీకి తగినదా, ఈ మనిషికి దానికి తగిన చదువుందా అన్నది ఒకటి. ఈ మనిషి దేశం దాటకుండా ఇక్కడే స్టేటస్ మార్చుకోవడానికి అర్హత ఉందా అన్నది రెండోది. మొదటిదానికి ఔనని, రెండోదానికి కాదని అధికారి రాయొచ్చు. పిటిషన్ వేసే నాటికి స్టేటస్ చక్కగా నిలుపుకుందా అని చూసేది ఆ రెండో ప్రశ్న దగ్గరే. కార్డు తేదీ మే 19 ఉండి, జీతం చీటీ మే 31 దాకా ఉంటే ఇక చెప్పడానికేమీ ఉండదు. ఫలితం చేతికొచ్చే కాగితంలోనే తెలుస్తుంది. ఆమోదం నోటీసు ఐ-797ఎ గా వచ్చి, దాని కింది భాగంలో కత్తిరించుకునే కొత్త ఐ-94, అంటే ఏ స్టేటస్‌లో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే చీటీ, ఉంటే స్టేటస్ మారినట్టు. ఐ-797బి వస్తే పిటిషన్ ఆమోదమైంది, స్టేటస్ మాత్రం మారలేదు, బయటికి వెళ్లి వీసాతో రావాలి. "అప్రూవ్ అయింది" అన్న మాట వినగానే సంతోషపడి ఆ అక్షరం చూడనివాళ్లు నాకు తెలుసు. ఐ-797బి చేతిలో పెట్టుకుని అక్టోబరు 1న ఉద్యోగంలో చేరినవాళ్లను చూశాను.

మే 20 నుంచి సెప్టెంబరు 30 వరకు 134 రోజులు. జీతం లేదు. గ్రేస్ పీరియడ్ జూలై 18 దాకా, ఆ తర్వాత క్యాప్-గ్యాప్ కింద ఉండొచ్చు కాబట్టి స్టేటస్‌కి ఢోకా లేదు. కానీ అద్దె ఆగదు, ఇండియాలో బ్యాంకు లోన్ ఈఎంఐ ఆగదు. రూమ్మేట్లతో మాట్లాడుకుని హాల్లోకి మారింది, కారు అమ్మేసింది. వాళ్ల నాన్నకు మొదట ఉద్యోగం ఆగిందని చెప్పలేదు. "సెలవు పెట్టాను" అంది. నాకది మనసులో గుచ్చుకుంది. ఒక కొరియర్ కవరు రెండు రోజులు ముందు చేరి ఉంటే ఆ అబద్ధం అవసరమే ఉండేది కాదు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. జూన్ 14, శనివారం తెల్లవారుజామున మళ్లీ ఫోన్. వాళ్ల నాన్నకు గుండెపోటు. గుంటూరులో ఆసుపత్రిలో ఉన్నారు, బైపాస్ చేయాలంటున్నారు. ఆమె టికెట్ చూసుకుని, బ్యాగు సర్దుకుని, చివరి నిమిషంలో నాకు చేసింది. "వెళ్లొచ్చా అక్కా?"

స్టేటస్ మార్పు పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే ఆ అభ్యర్థనను వదులుకున్నట్టే లెక్క. ఆసుపత్రి లెటర్ పెడితే మినహాయింపు ఇస్తారా అంటే ఇవ్వరు. గ్రీన్ కార్డు దరఖాస్తుదారులకు ఉన్న ముందస్తు ప్రయాణ అనుమతి లాంటిది ఇక్కడ లేదు. పిటిషన్‌లోని మొదటి సగం బతికే ఉంటుంది, ఆమోదం రావచ్చు, కానీ ఐ-797బి గానే వస్తుంది.

ఆ రోజు నేను ఆమెకు చెప్పింది ఇది. వెళ్లడం నేరం కాదు. వెళ్తే ఈ దేశంలోనే స్టేటస్ మారే దారి మూసుకుపోతుంది, పిటిషన్ ఇంకా ఆమోదం కాకుండానే నువ్వు బయట ఉంటావు. ఆమోదం ఎప్పుడొస్తుందో తెలియదు, మరిన్ని ఆధారాలు అడుగుతూ ఆర్ఎఫ్ఈ వస్తే ఇంకా ఆలస్యం, ఒకవేళ తిరస్కరిస్తే వెనక్కి రావడానికి స్టూడెంట్ స్టేటస్ కూడా మిగలదు. రెండో దారి, ప్రీమియం ప్రాసెసింగ్. అప్పటి ఫీజు 2,805 డాలర్లు. 15 పని దినాల్లో ఆమోదమో, తిరస్కారమో, ప్రశ్నో ఏదో ఒకటి చెప్పాలి. ఆపరేషన్ ఎప్పుడన్నారో కనుక్కో, ఆగగలవా అని అడిగాను.

వాళ్లమ్మ లైన్లోకి వచ్చారు. గొంతు వణుకుతోంది. "స్టెంటు వేశారమ్మా, ఇప్పటికి గండం గడిచింది. ఆపరేషను రెండు వారాల తర్వాత అంటున్నారు. అమ్మాయిని కంగారుగా పంపించొద్దు, అన్నీ చూసుకునే పంపించండి." ఆ మాట ఆవిడ అనకపోతే అమ్మాయి ఆగేది కాదు. నేనూ ఆపేదాన్ని కాదేమో.

పిటిషన్ దాఖలు ఫీజులు, లాయర్ ఫీజు కంపెనీయే భరించాలి. ప్రీమియం మాత్రం అభ్యర్థి సొంత అవసరం కోసం అడిగినప్పుడు అభ్యర్థి కట్టుకోవచ్చు. ఆమె అక్క దగ్గర అప్పు తీసుకుని కట్టింది. అభ్యర్థన జూన్ 18న చేరింది. 19 జూన్‌టీంత్ సెలవు, జూలై 4 సెలవు. అవి తీసేసి లెక్కపెడితే చివరి గడువు జూలై 11. జూన్ 27, శుక్రవారం, ఆరో పని దినాన ఆమోదం వచ్చింది. ఫైల్లో జీతం చీటీలు మే 19తో ఆగాయి, ఆ తర్వాత ఒక్కటీ లేదు. అధికారి స్టేటస్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నోటీసు చివర అక్షరం ఎ. శనివారం రాత్రి ఆమె విమానం ఎక్కింది, వాళ్ల నాన్న ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు ఇల్లు చేరింది.

ఆమోదం వచ్చాక, అక్టోబరు 1కి ముందు వెళ్తే ఎలా తిరిగి రావాలన్నది ఇంకో చిక్కు. యూఎస్‌సీఐఎస్ చెప్పేది, స్టేటస్ మార్పు ఆమోదమై ఉండి, హెచ్-1బీ మొదలయ్యేలోపు వచ్చేటట్టయితే క్యాప్-గ్యాప్‌లో ఉన్న విద్యార్థి ఎఫ్-1 మీదే తిరిగి రావచ్చని. ఆమె ఎఫ్-1 వీసా 2027 దాకా ఉంది. కానీ అలా వస్తే ఎయిర్‌పోర్టులో కొత్త ఎఫ్-1 ఐ-94 పడుతుంది. ముందే ఆమోదమైన మార్పు అక్టోబరు 1న దాని మీద అమలవుతుందా లేదా అన్నదాని మీద మా లాయర్లలోనే ఏకాభిప్రాయం లేదు. పైగా ఉద్యోగం లేని, చదువు లేని విద్యార్థిగా ఎయిర్‌పోర్టు అధికారి ముందు నిలబడాలి. ఎలాగూ అక్టోబరు దాకా పని చేయలేదు కాబట్టి తొందరపడి రావలసిన అవసరం లేదు. హైదరాబాద్‌లో హెచ్-1బీ స్టాంపింగ్ చేయించుకుని ఆ వీసా మీదే రమ్మన్నాను. చేతిలో ఉద్యోగం ఉండి, పని చేసే క్యాప్-గ్యాప్‌లో ఉన్నవాళ్లకైతే అసలు అక్టోబరు దాకా ప్రయాణమే పెట్టుకోవద్దంటాను. స్లాట్ దొరక్క అక్కడే ఉండిపోతే ఇక్కడి ఉద్యోగం ఆగుతుంది.

ఆగస్టు చివర్లో నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ అయింది, వారంలో పాస్‌పోర్టు వచ్చింది. హెచ్-1బీ వీసా ఉన్నా, పిటిషన్ మొదలయ్యే తేదీకి పది రోజుల ముందు మాత్రమే దేశంలోకి రానిస్తారు. అక్టోబరు 1కి పది రోజుల ముందంటే సెప్టెంబరు 21. ఆమె 22కి టికెట్ తీసుకుంది.

సెప్టెంబరు 19, శుక్రవారం అమెరికా అధ్యక్షుడి ప్రకటన వచ్చింది. కొత్త హెచ్-1బీ పిటిషన్‌కి లక్ష డాలర్లు, 21వ తేదీ అర్ధరాత్రి దాటిన నిమిషం నుంచి అమలు. ఆ వార్త ఇండియాలో తెలిసేసరికి శనివారం ఉదయం. పండక్కి ఊరెళ్లినవాళ్లు ఎంత ధరైనా పెట్టి టికెట్లు కొన్నారు, విమానం ఎక్కి కూర్చున్నవాళ్లు దిగిపోయారు. ఆమె ఏడుస్తూ చేసింది. "ఇప్పుడే బయల్దేరనా అక్కా?" బయల్దేరినా లాభం లేదు. 21కి ముందు దిగితే పది రోజుల నిబంధన ఒప్పుకోదు, తర్వాత దిగితే ప్రకటన అమల్లోకి వచ్చేస్తుంది. ఆ రాత్రి నేను కూడా నిద్రపోలేదు. ఇది ఇంకా వేయని పిటిషన్లకే వర్తిస్తుంది, ఇప్పటికే వేసినవాటికి కాదని యూఎస్‌సీఐఎస్ శనివారమే స్పష్టం చేసింది. ఆమె పిటిషన్ మేలో వేసింది. ఆ రసీదు నోటీసు, ఆమోదం నోటీసు, ఆ స్పష్టీకరణ ప్రింటు మూడూ చేతిలో పట్టుకుని అనుకున్న టికెట్టుతోనే వచ్చింది. ఎయిర్‌పోర్టులో అధికారి రసీదు తేదీ ఒకసారి చూసి స్టాంపు వేశాడు. నెలల తరబడి మాకు కంటకంగా ఉన్న ఆ మే 21, ఆ రోజు అక్కరకొచ్చింది.

ఇదే కేసు 2026 సీజన్‌లో జరిగి ఉంటే జూన్ 14న నేనిచ్చే సలహా ఇంత మెత్తగా ఉండేది కాదు. 2025 అక్టోబరు 20న యూఎస్‌సీఐఎస్ ఇచ్చిన వివరణ ప్రకారం, అమెరికాలోనే ఉండి స్టేటస్ మార్చుకునేవాళ్ల పిటిషన్‌కి లక్ష డాలర్లు అక్కర్లేదు. అలా మార్పు ఆమోదమయ్యాక బయటికి వెళ్లి స్టాంపింగ్ చేయించుకుని వచ్చినా అక్కర్లేదు. కానీ మార్పుకు అర్హత లేదని తేలితే, లేదా అది పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే, అదే పిటిషన్‌కి లక్ష డాలర్లు కట్టాలి. అంటే జూన్ 14న ఎక్కే విమానానికీ జూన్ 28న ఎక్కే విమానానికీ మధ్య లక్ష డాలర్ల తేడా. ఆ చిన్న కంపెనీ అంత కట్టేది కాదు. ఆ అమ్మాయి హెచ్-1బీ అక్కడితో ముగిసిపోయేది. కార్డు అయిపోయాక ఆఫీసుకు వెళ్లిన ప్రతి రోజుకూ ఇప్పుడు అదే లెక్క, ఎందుకంటే దానివల్ల పోయేది కూడా ఆ రెండో సగమే. ప్రకటన 12 నెలలకని వచ్చింది, పొడిగించే వీలుంది. మీరు చదివేనాటికి ఏది అమల్లో ఉందో మీ లాయర్‌ను అడిగాకే టికెట్ కొనండి.

స్టెమ్ పిల్లలకు ఒక మాట కూడా చెప్పాలి. లాటరీ వచ్చింది కదా, ఇక 24 నెలల పొడిగింపు ఎందుకని దరఖాస్తు మానేసేవాళ్లున్నారు. పిటిషన్ తిరస్కరణకు గురైనా, కంపెనీ వెనక్కి తీసుకున్నా క్యాప్-గ్యాప్ ఆ రోజే ఆగిపోతుంది. మామూలుగా 60 రోజుల గ్రేస్ మిగులుతుంది కానీ ఆ గ్రేస్‌లో స్టెమ్ పొడిగింపు అడగడానికి వీల్లేదు. అర్హత ఉంటే కార్డు గడువుకు 90 రోజుల ముందు నుంచే వేయొచ్చు, వేసి పెట్టుకోండి. గడువులోపు వేస్తే అది పెండింగ్‌లో ఉన్నా 180 రోజుల దాకా పని చేసుకోవచ్చు. అక్టోబరు 1కి ముందు ఉద్యోగం పోతే పాత కంపెనీ చేత పిటిషన్‌ను ఆ తేదీలోపే ఉపసంహరింపజేస్తే మిగిలిన ఓపీటీ దక్కుతుంది. ఆ తేదీ దాటితే స్టేటస్ మారిపోతుంది, ఓపీటీ పోతుంది.

ఈ కేసు తర్వాత నా ఆఫీసులో ప్రతి స్టూడెంట్ ఫైలు అట్ట మీద ఎర్ర పెన్నుతో కార్డు గడువు తేదీ రాయిస్తున్నాను, లాటరీ నోటీసులో ఉన్న తేదీ కాదు. ఎల్‌సీఏ ఆ తేదీకి ఆరు వారాల ముందు వెళ్లాలి. మార్చిలోనే అభ్యర్థి పాస్‌పోర్టు కాపీతో పాటు, వచ్చే ఆరు నెలల్లో ఇంట్లో పెళ్లిళ్లు, ఆపరేషన్లు ఏమైనా ఉన్నాయా అని కూడా అడుగుతున్నాం.

అక్టోబరు 1, బుధవారం ఆమె ఆఫీసుకు వెళ్లింది. వెళ్లేముందు ఐ-94 వెబ్‌సైటు నుంచి ప్రింటు తీయించి చూశాను, క్లాస్ దగ్గర హెచ్-1బీ అని, చివరి తేదీ పిటిషన్‌లో ఉన్నదే అని. పని చేసే హక్కు ఉందని చూసుకునే ఐ-9 ఫారం హెచ్ఆర్‌లో కొత్తగా నింపారు. అక్టోబరు నెలాఖరులో మళ్లీ ఫోన్ చేసింది. "అక్కా, జీతం తక్కువ వేశారు. ఏదో తప్పు జరిగింది." చీటీ ఫొటో పంపమన్నాను. తప్పేమీ లేదు. ఓపీటీలో ఉన్నన్నాళ్లు ఆమెకు లేని సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు, రెండూ కలిపి 7.65 శాతం, మొదటిసారి పడ్డాయి.